ధర ఒక్కసారిగా కూలితే ఆప్షన్ లెక్క ఎంత తప్పుతుంది?
డెల్టా, గామా అంచనాకూ అసలు ధరకూ మధ్య తేడా

2020 మార్చి 6, శుక్రవారం నాడు న్యూయార్క్‌లో అమెరికా ముడి చమురు వాయిదా ధర పీపా 41 డాలర్ల 28 సెంట్ల వద్ద ముగిసింది. ఆ రోజే వియన్నాలో ఉత్పత్తి కోతపై ఒపెక్ దేశాలకు, రష్యాకు మధ్య చర్చలు విఫలమయ్యాయి. మర్నాడు సౌదీ అరేబియా తన చమురు అమ్మకపు ధరలను బాగా తగ్గించివేసింది. సోమవారం బేరాలు ముగిసేసరికి ధర 31 డాలర్ల 13 సెంట్లకు దిగజారింది. ఒక్క రోజులో దాదాపు నాలుగో వంతు ధర హరించుకుపోయింది. వారాంతం తర్వాత మార్కెట్ తెరవడమే భారీ పతనంతో తెరిచింది. 40 వద్దనో 38 వద్దనో బేరం సరిదిద్దుకుందామనుకున్న వారికి ఆ ధరలు కంటికే కనబడలేదు.

ఆప్షన్లు అమ్మిన వారికి ఇలాంటి రోజు కాగితం మీద ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ధర ఇంత పడితే నష్టం ఇంత అని ముందే కట్టి ఉంచుకున్న లెక్క అది. డెల్టా, గామా అనే రెండు అంకెలతో కట్టే ఆ లెక్క చిన్న కదలికలకు చక్కగా పనిచేస్తుంది. పెద్ద పతనంలో అది ఎటు తప్పుతుందో, ఎంత తప్పుతుందో తెలియాలంటే ఒక ఉదాహరణ వేసి చూడాలి.

మన వ్యాపారులకు ఆప్షన్ కొత్తది కాదు. తేజీ-మందీ బేరాలన్న పేరుతో ఇవి తరతరాలుగా ఎరిగినవే. ఫలానా ధరకు కొనే హక్కు తేజీ, అమ్మే హక్కు మందీ. 1952 నాటి వాయిదా వ్యాపార నియంత్రణ చట్టం వీటిని నిషేధించింది. చాలా ఏళ్ల తర్వాత, 2017లో బంగారం మీద, 2018లో ముడి చమురు మీద ముంబయిలోని ఎంసీఎక్స్‌లో ఆప్షన్లు మొదలయ్యాయి. అవి వాయిదా ఒప్పందాల మీద నడిచే ఆప్షన్లు కనుక దిగువ లెక్క అక్కడికీ వర్తిస్తుంది.

లెక్క సులువు కోసం వాయిదా ధర 41 డాలర్లు, పతనం సరిగ్గా 10 డాలర్లు అనుకోవచ్చు. ఆప్షన్ గడువు ఒక నెల. ధరల ఊగిసలాట ఏడాదికి 45 శాతం. వడ్డీని పక్కన పెట్టి, ఫిషర్ బ్లాక్ 1976లో ప్రకటించిన సూత్రం ప్రకారం ధర కడదాం.

5 సెంట్ల సరుకు

32 డాలర్లకు అమ్మే హక్కు, అంటే 32 మందీ, ధర 41 వద్ద ఉన్నప్పుడు పీపాకు 5 సెంట్లు పలుకుతుంది. ఒప్పందం 1,000 పీపాలది కనుక ఒక్కో ఆప్షన్‌కు 50 డాలర్లు. ధర 9 డాలర్లు పడితే తప్ప ఈ హక్కుకు అసలు విలువే రాదు. ఇలాంటివి అమ్మేవారు దీన్ని తేరగా వచ్చే సొమ్ము అనుకోవడం కద్దు. ఒక వ్యాపారి వంద ఆప్షన్లు అమ్మి 5 వేల డాలర్లు పెట్టెలో వేసుకున్నాడనుకుందాం.

చమురు ధర ఒక డాలరు పడితే ఈ మందీ ధర ఎన్ని సెంట్లు పెరుగుతుందో చెప్పేది డెల్టా. ఇక్కడ అది 2.43 సెంట్లు. డెల్టా కూడా నిలకడగా ఉండదు. చమురు డాలరు పడినకొద్దీ అది ఎంత పెరుగుతుందో చెప్పేది గామా. ఇక్కడ అది 1.07 సెంట్లు. ధర 10 డాలర్లు పడితే డెల్టా మరో 10.7 పెరిగి 13.13 అవుతుందని గామా లెక్క. 2.43తో మొదలై 13.13తో ముగిసింది కాబట్టి సగటు 7.78 సెంట్లు. దాన్ని పది డాలర్లతో గుణిస్తే ఆప్షన్ ధర 78 సెంట్లు పెరగాలి. పుస్తకాల్లో డెల్టాను కదలికతో గుణించి, దానికి గామాలో సగాన్ని కదలిక వర్గంతో గుణించి కలపమని ఉండేది ఇదే. ఆ సగం సగటు తీయడం వల్ల వచ్చినదే.

ఈ లెక్క ప్రకారం వంద ఆప్షన్ల మీద నష్టం 78 వేల డాలర్లు. 5 వేల కోసం 78 వేలు పోవడం బాధాకరమే. కాని అసలు కథ ఇంకా ఉంది. చమురు ధర 31 అని పెట్టి అదే సూత్రంతో ఆప్షన్ ధరను కొత్తగా కడితే 2 డాలర్ల 18 సెంట్లు వస్తుంది. అంటే పెరిగింది 78 సెంట్లు కాదు, 2 డాలర్ల 13 సెంట్లు. వంద ఆప్షన్ల మీద నష్టం 2 లక్షల 13 వేల డాలర్లు. అంచనా అసలులో సుమారు మూడో వంతు మాత్రమే చూపింది.

ధర ఒక్క డాలరే పడి ఉంటే రెండు లెక్కలూ 3 సెంట్ల దగ్గరే కలుస్తాయి. అక్కడ సరిపోయింది ఇక్కడ ఎందుకు తప్పింది? గామా 41 డాలర్ల వద్ద కొలిచినది. ఆ స్థలంలో 32 మందీ దాదాపు నిద్రలో ఉంది. ధర 32కు చేరేసరికి దాని గామా తొమ్మిది రెట్లవుతుంది. డెల్టా 13 సెంట్ల వద్ద ఆగక 57 సెంట్లకు చేరుతుంది. బయల్దేరిన చోట వాలు, వంపు కొలిచి ఘాటు రోడ్డు అంతటా అదే వంపు ఉంటుందని నమ్మినట్లయింది. గామాయే మారుతుందన్న సంగతి అంచనాలో ఎక్కడా లేదు.

తప్పు ఒకే వైపు కాదు

అంచనా ఎప్పుడూ తక్కువే చూపుతుందనుకుంటే అదీ పొరపాటే. 41 డాలర్ల మందీని, అంటే ప్రస్తుత ధరకే అమ్మే హక్కును తీసుకుంటే కథ తిరగబడుతుంది. దాని ధర 2 డాలర్ల 12 సెంట్లు, డెల్టా 47.4 సెంట్లు, గామా 7.47 సెంట్లు. పది డాలర్ల పతనానికి అంచనా 8 డాలర్ల 48 సెంట్ల పెరుగుదల చూపుతుంది. నిజానికి పెరిగేది 7 డాలర్ల 90 సెంట్లే. ఈ ఆప్షన్‌కు గామా మొదట్లోనే శిఖరం దగ్గర ఉంది. ధర పడినకొద్దీ అది సన్నగిల్లిపోతుంది.

ఇక ఈ రెంటినీ కలిపి బేరం చేసేవారి సంగతి. 41 మందీ ఒకటి కొని, దాని ఖర్చులో కొంతైనా రాబట్టుకోవడానికి 32 మందీలు నాలుగు అమ్మడం ఆప్షన్ మార్కెట్లలో వాడుకలో ఉన్న బేరమే. పది డాలర్ల పతనానికి అంచనా ఇలా చెబుతుంది: కొన్నదాని మీద 8.48 లాభం, అమ్మిన నాలుగింటి మీద 3.11 నష్టం, నికరం 5 డాలర్ల 37 సెంట్ల లాభం. కొత్తగా ధర కడితే కొన్నదాని మీద 7.90 లాభం, అమ్మినవాటి మీద 8.51 నష్టం. నికరం 61 సెంట్ల నష్టం. ఒక తప్పు లాభాన్ని ఎక్కువ చేసింది, మరొకటి నష్టాన్ని తక్కువ చేసింది. రెండూ ఒకే వైపు కూడాయి. వ్యాపారి పతనం వస్తే లాభమని నిశ్చింతగా ఉంటాడు, ఖాతాలో నష్టం పడుతుంది.

లెక్క దారి తప్పిందని పట్టుకోవడానికి గుర్తులున్నాయి. చమురు ఒక డాలరు పడితే మందీ ఒక డాలరుకు మించి పెరగదు కనుక డెల్టా 100 సెంట్లు దాటకూడదు. 41 మందీకి 47.4 మీద 74.7 కలిపితే 122 సెంట్లు వస్తోంది. అంటే పది డాలర్ల దూరం ఆ లెక్కకు శక్తికి మించిన దూరమన్నమాట. ధర పెరిగే వైపు చూస్తే వింత ఇంకా స్పష్టం. చమురు 47 డాలర్ల 34 సెంట్లు దాటితే, ధర పెరిగినకొద్దీ మందీ విలువ కూడా పెరుగుతుందని ఈ లెక్క చెప్పడం మొదలుపెడుతుంది. 32 మందీ విషయంలో ఈ విడ్డూరం 43 డాలర్ల 27 సెంట్లకే ఎదురవుతుంది.

ఎంత కదలిక వరకు నమ్మవచ్చు అనడానికి ఒక కొలబద్ద ఉంది. ఊగిసలాటను మిగిలిన గడువుకు కుదించి ధరతో గుణించాలి. పై ఉదాహరణలో అది 5 డాలర్ల 33 సెంట్లు. కదలిక ఇందులో పావు వంతు లోపల ఉంటే అంచనా సాధారణంగా దగ్గరగానే ఉంటుంది. పది డాలర్లంటే ఆ కొలబద్దకు దాదాపు రెండింతలు. గడువు నెల నుంచి వారానికి తగ్గితే కొలబద్ద సుమారు సగమైపోతుంది. నెల మొదట్లో చిన్నదనిపించిన కదలికే నెలాఖరున పెద్దదవుతుంది.

ఎక్స్చేంజీలు మార్జిన్ కట్టేటప్పుడు ఈ అంచనాను నమ్ముకోలేదు. చికాగో మర్కంటైల్ ఎక్స్చేంజి 1988లో తెచ్చిన స్పాన్ పద్ధతి ధర, ఊగిసలాట ఇలా మారితే అని 16 సందర్భాలు ఊహించి, ప్రతి సందర్భంలోనూ ఆప్షన్ ధరను కొత్తగా కడుతుంది. ఆప్షన్లు వేలకొద్దీ ఉన్నవారు సైతం కొన్ని ధరల వద్ద పూర్తి లెక్క కట్టి పట్టికగా ఉంచుకుని, మధ్య ధరలకు దానినుంచి తీసుకోవచ్చు. గామాను ఇప్పుడు గంటగంటకూ బేరం సరిదిద్దుకోవడానికే ఉంచుకోవడం మేలు.

పూర్తి లెక్క కూడా దానికి ఇచ్చిన ఊగిసలాట అంకె ఎంత నిజమో అంతే నిజం. ధరలు కూలిన రోజున ఊగిసలాట 45 శాతం వద్ద ఆగి ఉండదు. అది 90కి చేరిందనుకుంటే 32 మందీ ధర 2.18 కాదు, 3 డాలర్ల 78 సెంట్లవుతుంది. వంద ఆప్షన్లు అమ్మిన వ్యాపారి నష్టం 2 లక్షల 13 వేల నుంచి 3 లక్షల 73 వేలకు పెరుగుతుంది. పతనాన్ని మాత్రమే మార్చి ఊగిసలాటను అలాగే ఉంచిన పట్టిక సగం పట్టికే.

సూత్రానికే దారి మూసుకుపోయిన రోజూ ఉంది. 2020 ఏప్రిల్ 20న మే నెల వాయిదా చమురు సున్నా కంటే 37 డాలర్ల 63 సెంట్లు దిగువన ముగిసింది. ఎంసీఎక్స్ తన ఏప్రిల్ ఒప్పందాన్ని పీపాకు మైనస్ 2,884 రూపాయల వద్ద పరిష్కరించింది. బ్లాక్ సూత్రంలో ధర సంవర్గమానం తీసుకోవాలి. సున్నాకు దిగువన ఉన్న అంకెకు సంవర్గమానం లేదు. చికాగో ఎక్స్చేంజి ఏప్రిల్ 22 నుంచి తన చమురు ఆప్షన్లకు బ్లాక్ సూత్రాన్ని వదిలి బాషెలియే సూత్రాన్ని వాడింది. లూయీ బాషెలియే ఫ్రాన్సులో 1900లో సమర్పించిన పరిశోధనా గ్రంథం నాటి ఆ లెక్కలో ధర శాతాల్లో కాక డాలర్లలో కదులుతుంది కనుక, సున్నా దిగువన కూడా జవాబు వస్తుంది.