బెయిల్ ఇవ్వని నేరం అంటూ ఉందా?

నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి చావుకు కారణమైన డ్రైవర్‌కు అదే రోజు బెయిల్ వచ్చింది. ఇరవై వేల ఫోన్ దొంగిలించిన కుర్రాడు మాత్రం మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సి వచ్చింది. ఇదేం న్యాయమని జనం అడుగుతారు. నేరాన్ని ఏ వర్గంలో చేర్చాలో చెప్పేది మన కోపం కాదు, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 మొదటి షెడ్యూల్. అందులో నిర్లక్ష్యంతో కలిగిన మరణం బెయిలబుల్. అంత విలువున్న వస్తువు దొంగతనం నాన్‌బెయిలబుల్.

బెయిలబుల్ అయితే బెయిల్ నిందితుడి హక్కు. జామీను పెడితే స్టేషన్‌లోనే వదలాలి. వారంలోగా జామీను తేలేకపోయిన వాణ్ని పేదవాడిగా భావించి సొంత పూచీకత్తుపై పంపాలని 478వ సెక్షన్ చెబుతుంది. ఈ సంగతి తెలియక ఎందరో లోపలే ఉండిపోతున్నారు. అయితే షరతు ఉల్లంఘించి హాజరు కాకపోతే, తర్వాత అదే కేసులో కోర్టు బెయిల్ నిరాకరించవచ్చు.

నాన్‌బెయిలబుల్ అంటే బెయిలే రాదని కాదు, అది కోర్టు విచక్షణ. పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, ఆధారాలు చెరిపేస్తాడా అని న్యాయమూర్తి చూస్తారు. మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరం చేశాడనడానికి సహేతుక కారణాలుంటే మేజిస్ట్రేట్ సాధారణంగా వదలరు. మహిళలు, పిల్లలు, రోగులకు అక్కడా మినహాయింపు ఇవ్వవచ్చు.

మీవాళ్లను అరెస్టు చేస్తే ముందు సెక్షన్ నంబరు అడగండి.