పరీక్షనాళికలో అరటిపండు వాసన

మిఠాయిల్లో వేసే అరటి ఎసెన్స్‌కు ఆ వాసననిచ్చేది ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్. పండిన అరటిలోనూ ఇదే ఉంటుంది. ఆల్కహాల్, ఆమ్లం కలిసి ఒక నీటి అణువును వదులుకుంటే ఎస్టర్ పుడుతుంది. ఐసోఅమైల్ ఆల్కహాల్‌ది గొంతు పట్టేసే ఘాటు, అసిటిక్ ఆమ్లానిది వెనిగర్ వాసన. ఈ రెండూ కలిసి అరటిపండు వాసన రావడం ఎన్నిసార్లు చూసినా వింతగానే ఉంటుంది.

కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, కెమిస్ట్రీ టీచర్ దగ్గరుండగా కాలేజీ ల్యాబ్‌లోనే దీన్ని చేయాలి. పొడి పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్ల ఐసోఅమైల్ ఆల్కహాల్, అంతే గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం పోసి, అయిదు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్కొక్కటిగా కలపాలి. మరిగించిన నీళ్ల బీకరులో నాళికను పది నిమిషాలు ఉంచాలి. అప్పటికి మంట ఆర్పేసి ఉండాలి, ఎందుకంటే ఆల్కహాల్ ఆవిరి అంటుకుంటుంది.

ఇంట్లో ఉన్న వెనిగర్ ఇందుకు పనికిరాదు. అందులో చాలావరకు నీళ్లే. ఈ చర్య వెనక్కీ నడుస్తుంది కాబట్టి నీళ్లు ఎక్కువైతే తయారైన ఎస్టర్ మళ్లీ విడిపోతుంది. నాళిక పొడిగా ఉండాలనడం కూడా అందుకే. ఆల్కహాల్, ఆమ్లం అణువులు సమానంగా ఉంటే దాదాపు మూడింట రెండు వంతులు ఎస్టర్‌గా మారాక చర్య ముందుకు సాగదు. మనం తీసుకున్న కొలతలో ఆమ్లం అణువులు రెట్టింపుకు దగ్గరగా ఉంటాయి. ఆ ఎక్కువ ఆమ్లమే చర్యను ఇంకాస్త ముందుకు నెడుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం పని చర్యను వేగవంతం చేయడం. అది మోతాదు మించితే మిశ్రమం గోధుమరంగుకు తిరిగి నల్లబడుతుంది.

పది నిమిషాలయ్యాక వాసన చూస్తే చాలామంది నిరుత్సాహపడతారు, వెనిగర్ వాసనే ముక్కుకు కొడుతుంది. మిగిలిపోయిన ఆమ్లాన్ని తీసేయాలి. పెద్ద బీకరులో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చెంచాడు వంటసోడా కరిగించి, చల్లారిన మిశ్రమాన్ని కొద్దికొద్దిగా అందులో పోయాలి. బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగాక నీటిపైన నూనెలాంటి పలుచని పొర తేలుతుంది. అదే ఎస్టర్. బీకరు మీద ముక్కు పెట్టకుండా చేత్తో గాలిని మీ వైపు విసురుకోండి, అరటి వాసన తెలిసిపోతుంది. దాన్ని రుచి మాత్రం చూడకూడదు, ల్యాబ్ రసాయనాల్లో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం.

వాసన అంత తేలిగ్గా ముక్కును చేరడానికి కారణముంది. ఆమ్లం అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఎస్టర్ అణువులకు తమలో తమకు అంత పట్టు లేదు, కాబట్టి సులభంగా గాల్లోకి లేస్తాయి. అయితే అసలు పండులో ఈ ఒక్క ఎస్టరే కాక మరెన్నో పదార్థాలు ఉంటాయి. అందుకే ఎసెన్స్ ఎంత బాగున్నా చెట్టున పండిన అరటికి సాటిరాదు.

తేనెటీగ కుట్టినప్పుడు మిగతా ఈగలను హెచ్చరించడానికి వదిలే పదార్థాల్లో ప్రధానమైనది కూడా ఈ ఐసోఅమైల్ అసిటేటే. ఆ వాసన తగిలితే అవి దాడికి దిగుతాయి. కాబట్టి ప్రయోగం చేసిన చేతులతో, బట్టలతో తేనెపట్టు దగ్గరకు వెళ్లకండి.