మన వైఫైలో ఈ ESP_3A91F0 ఎవరు?

విజయవాడ పటమటలో ఉండే మా బాబాయి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నెట్ నెమ్మదిగా వస్తోందని ఫోన్ చేస్తే కంపెనీ కుర్రాడు రౌటర్ పేజీ తెరవడం ఎలాగో చెప్పాడట. బ్రౌజర్‌లో `192.168.1.1` కొట్టి, రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళారు. కనెక్టయిన పరికరాల జాబితాలో తొమ్మిది ఉన్నాయి. ఆయన లెక్క ప్రకారం ఇంట్లో ఉన్నవి నాలుగు: రెండు ఫోన్లు, ఒక కంప్యూటర్, ఒక టీవీ.

"ఒరేయ్, ఐదుగురు దొంగలు పడ్డార్రా మన నెట్ మీద" అన్నారు నాకు ఫోన్ చేసి. ఆయన అనుమానమంతా పైన పెంట్‌హౌస్‌లో అద్దెకుండే కుర్రాళ్ళ మీద. దానికి ఆధారం కూడా సంపాదించారు. `ESP_3A91F0` అనే పేరు మూడు రోజులుగా పొద్దున ఆరింటికి వచ్చి, సాయంత్రం ఆరు దాటాక పోతోందట. "ఆఫీసు పని చేసుకుంటున్నాడు, మన డబ్బుతో."

ఆదివారం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

ముందు ఆ పేర్ల సంగతి. జాబితాలో కనిపించే పేరును రౌటర్ పెట్టదు. పరికరం వైఫైలోకి వచ్చి అడ్రస్ అడిగేటప్పుడు తన పేరు ఇదీ అని తానే చెప్పుకుంటుంది. గుమ్మంలోకి వచ్చినవాడు ఏ పేరు చెబితే ఆ పేరే రిజిస్టర్‌లో రాసుకునే వాచ్‌మన్ లాంటిది రౌటర్. కొన్ని పరికరాలు మోడల్ పేరు చెబుతాయి, కొన్ని ఫ్యాక్టరీలో తగిలించిన అర్థంకాని అక్షరాలు చెబుతాయి, కొన్ని నోరే విప్పవు. అందుకని వింత పేరు కనిపించినంత మాత్రాన దొంగ అనలేం. తెలిసిన పేరు కనిపించినంత మాత్రాన మనవాడే అనీ అనలేం.

తేలికైనవి ముందు తీసేశాం. బాబాయి ఫోన్ తన మోడల్ పేరుతోనే ఉంది. `DESKTOP-` అని మొదలై తర్వాత ఏవో అక్షరాలున్నది ఆయన కంప్యూటర్. విండోస్ తనంతట తాను పెట్టుకునే పేరది. `amazon-` అన్నది టీవీ వెనక గుచ్చిన స్టిక్. అంటే బాబాయి లెక్కలో ఉన్న టీవీ అసలు వైఫైలో లేదు, ఉన్నది స్టిక్కే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది. `IPC` అన్నది గుమ్మం దగ్గర కెమెరా. కెమెరా కూడా నెట్ వాడుతుందన్న సంగతి బాబాయికి తట్టలేదు.

పిన్ని ఫోన్ దగ్గర చిక్కు వచ్చింది. అదే మోడల్ పేరు రెండుసార్లు ఉంది, పక్కన మ్యాక్ అడ్రస్‌లు మాత్రం వేరు. మ్యాక్ అడ్రస్ అంటే ప్రతి వైఫై పరికరానికీ ఉండే పన్నెండు అంకెల, అక్షరాల గుర్తు. అది మారదని ఒకప్పుడు అనుకునేవాళ్ళం. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు అసలు అడ్రస్ దాచి, ఒక్కో వైఫై పేరుకు ఒక్కో మారు అడ్రస్ చూపిస్తున్నాయి. షాపుల్లో, స్టేషన్లలో మనల్ని వెంటాడకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. బాబాయి రౌటర్ రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తుంది, ఒకటి మామూలుది, ఇంకొకటి చివర 5G అని ఉన్నది. పిన్ని వంటింట్లో ఉంటే ఫోన్ ఒకదానికి, హాల్లోకి వస్తే రెండోదానికి అతుక్కుంటోంది. రెండు పేర్లకు రెండు అడ్రస్‌లు. వదిలేసిపోయిన అడ్రస్‌ను కూడా రౌటర్ వెంటనే కొట్టేయదు. చాలా రౌటర్లలో ఒకసారి ఇచ్చిన అడ్రస్ గడువు ఒక రోజు, అందాకా ఆ వరస జాబితాలో వేలాడుతూనే ఉండొచ్చు.

మారు అడ్రస్‌ను పట్టుకోవడం తేలికే. అడ్రస్‌లో రెండో అక్షరం చూడాలి. అది 2, 6, A, E లలో ఏదైనా అయితే అది ఫ్యాక్టరీలో ఇచ్చిన అడ్రస్ కాదు, పరికరం తనకు తాను పెట్టుకున్నది. పిన్ని ఫోన్ చూపించినవాటిలో ఒకటి `9E:41:07:C2:5B:16`. రెండోది E కాబట్టి మారు అడ్రస్. ఇది పిన్నిదే అని తేల్చుకోవాలంటే ఫోన్‌లో 'అబౌట్ ఫోన్' చూస్తే లాభం లేదు, అక్కడ తరచూ అసలు అడ్రసే ఉంటుంది. వైఫై సెట్టింగుల్లో మన నెట్‌వర్క్ పేరు మీద నొక్కి, దాని వివరాల్లో ఉన్న అడ్రస్‌ను పోల్చుకోవాలి. సరిగ్గా సరిపోయింది.

ఇక మిగిలినవి మూడు: `wlan0`, మన `ESP_3A91F0`, అసలు పేరే లేని ఒకటి.

రెండో అక్షరం ఆ నాలుగింటిలో లేకపోతే అడ్రస్‌లో మొదటి ఆరూ తయారీదారును చెబుతాయి. ఐఈఈఈ అనే సంస్థ కంపెనీలకు ఈ ఆరేసి అంకెలు కేటాయిస్తుంది. వాటిని వెతికిపెట్టే ఉచిత పేజీలు నెట్‌లో ఉన్నాయి. కానీ అక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. వచ్చేది వస్తువు మీద ఉన్న బ్రాండ్ పేరు కాదు, ఎక్కువసార్లు లోపలి వైఫై ముక్క చేసినవాళ్ళ పేరు. ఎన్నడూ వినని చైనా పేరు చూసి ఎవరో హ్యాక్ చేశారని కంగారుపడతారు. తమ ఇంట్లో బల్బు లోపలిది కూడా అదేనని తెలియదు.

`ESP_` దగ్గర సరిగ్గా అదే జరిగింది. అడ్రస్ `5C:CF:7F:3A:91:F0`. మొదటి సగం షాంఘైలోని ఎస్‌ప్రెస్సిఫ్ కంపెనీది. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, మీటర్ల లోపల ఆ కంపెనీ చిప్పులు విపరీతంగా ఉంటాయి. పేరులోని చివరి ఆరూ అడ్రస్‌లోని చివరి ఆరే. అంటే ఇది ఎవరి కంప్యూటరూ కాదు, మనిషి కూర్చుని పనిచేసే వస్తువే కాదు. మరి పొద్దున వచ్చి సాయంత్రం పోవడమేమిటి?

"బాబాయ్, డాబా మీద సోలార్ ఎప్పుడు పెట్టించారు?" అన్నాను.

సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టించారు. ఇన్వర్టర్ అడుగున వేలెడంత డాంగిల్ ఉంటుంది. ఎంత కరెంటు పుట్టిందో వైఫై ద్వారా ఫోన్‌లోని యాప్‌కు పంపేది అదే. దానికి కరెంటు ఇన్వర్టర్ నుంచే అందుతుంది. ఆయన ఇన్వర్టరేమో పలకల మీద ఎండ పోగానే నిద్రపోతుంది. రౌటర్ పేజీలో `ESP_3A91F0`ను బ్లాక్ చేశాం. పదిహేను నిమిషాల తర్వాత చూస్తే సోలార్ యాప్‌లో లెక్క అక్కడే ఆగిపోయి ఉంది. బ్లాక్ తీశాం, కదిలింది. మూడు రోజులు కాపలా కాసిన దొంగ బాబాయి సొంత డబ్బుతో డాబా మీద పెట్టించుకున్నదే.

పేర్లతో కుస్తీపట్టడం కంటే నాకు నమ్మకమైన పద్ధతి ఇదే. ఒక్కొక్కటీ ఆపి, ఇంట్లో ఏది ఆగిపోతుందో చూడటం. `wlan0` కూడా అలాగే తేలింది. గీజర్‌కు తగిలించిన స్మార్ట్ ప్లగ్ పీకి రెండు నిమిషాలాగి పేజీ మళ్ళీ తెరిస్తే ఆ వరస లేదు.

పేరులేనిది మిగిలింది. రెండో అక్షరం చూస్తే మారు అడ్రస్ కాదు. వెతికితే `Hui Zhou Gaoshengda Technology` అని వచ్చింది. ఇది టీవీలకు వైఫై ముక్కలు చేసే కంపెనీ. బాబాయి టీవీ వైఫైలో లేదని ముందే తేలింది కదా. రౌటర్ చూపించే సిగ్నల్ బలంలో హాల్లో ఉన్న పిన్ని ఫోన్‌ది -45, దీనిది -74. సున్నాకు దూరమయ్యేకొద్దీ బలహీనం. గోడలు దాటి వస్తున్న సిగ్నల్ ఇలాగే ఉంటుంది. దాన్ని బ్లాక్ చేశాం. ఇంట్లో ఏదీ ఆగలేదు. బయటివాళ్ళదే అనడానికి ఇప్పుడు ఆధారం దొరికింది.

నేను చేయమన్నది ఒక్కటే. బ్లాక్‌తో ఆగొద్దు, ఎందుకంటే అడ్రస్ మార్చుకుని వచ్చేవాణ్ణి బ్లాక్ ఆపలేదు. పాస్‌వర్డ్ మార్చాలి, బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయాలి, రౌటర్ పేజీలోకి వెళ్ళే స్టిక్కర్ పాస్‌వర్డ్‌ను కూడా మార్చాలి. అన్నీ చేసి, ఇంట్లోవాటిని ఒక్కొక్కటిగా మళ్ళీ కలిపాం. గీజర్ ప్లగ్గుకూ సోలార్ డాంగిల్‌కూ కొత్త పాస్‌వర్డ్ చెప్పడానికే గంటన్నర పట్టింది. ఈ విసుగుకు భయపడే చాలామంది మార్చరు.

మర్నాడు రాత్రి పక్క ఫ్లాట్ అబ్బాయి తలుపు కొట్టాడు. "అంకుల్, మా టీవీకి నెట్ రావట్లేదు, మీకు వస్తోందా?" నిరుడు వాళ్ళ కేబుల్ తెగి నాలుగు రోజులు నెట్ లేకపోతే పిన్నే పాస్‌వర్డ్ చెప్పింది. వాళ్ళ కనెక్షన్ బాగయ్యాక ఫోన్లు సొంత నెట్‌కు వెళ్ళిపోయాయి, టీవీ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. హెచ్‌డీ సినిమా గంటకు 3 జీబీ దాకా లాగుతుంది. బాబాయికి రాత్రిళ్ళు నెట్ ఎందుకు నెమ్మదించిందో అప్పుడు అర్థమైంది. ఇందులో దొంగతనం లేదు, పాపం ఆ అబ్బాయికి విషయమే తెలియదు.

అయితే అన్ని కథలూ ఇలా ముగియవు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ జాడ తీస్తే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. ఆయనకు దానితో సంబంధం లేదు. కానీ పోలీసులు మొదట తట్టింది ఆ తలుపే. బయటికి కనిపించే అడ్రస్ కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ళది. ఎవరు ఏం చూశారో, ఏం పంపారో ఈ జాబితా చెప్పదు. రెండో గదిలో ఇంకో రౌటర్ పెట్టుకున్న ఇళ్ళలో దాని వెనకున్నవన్నీ కలిపి ఒకే పరికరంగా కనిపించే వీలు కూడా ఉంది.

కాబట్టి ఎప్పుడు అనుమానించాలి? పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ ఆపాక కూడా ఇంట్లో దేనికీ చెందని పరికరం మళ్ళీ వస్తే. ఇంట్లో ఎవరో కొత్తది పంచి ఉండాలి. ఈ రోజుల్లో క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. ఎవరూ పంచలేదని తేలితే రౌటర్‌నే ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించి, కొత్త పాస్‌వర్డ్‌తో మొదటినుంచీ పెట్టుకోవాలి.

బాబాయి ఇప్పుడు చుట్టాలకు, పక్కవాళ్ళకు గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డే ఇస్తున్నారు. పరికరాల పేర్లు, అడ్రస్‌లు కాగితం మీద రాసి రౌటర్ పక్కనే గోడకు అంటించారు. అన్నీ ఆన్‌లో ఉంటే పగలు ఏడు, సోలార్ పడుకున్నాక ఆరు.