పెళ్లి వీడియో 4కెలో, ల్యాప్‌టాప్ పదేళ్లనాటిది

కెమెరాలు మారినంత వేగంగా కంప్యూటర్లు మారవు. మండల కేంద్రాల్లో ఫొటో స్టూడియో నడిపేవాళ్లను అడిగితే ఈ సంగతి బాగా తెలుస్తుంది. పార్టీవాళ్లు 4కె అడుగుతున్నారని అప్పో సప్పో చేసి కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొంటారు. ఎడిటింగ్ మాత్రం ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ఐ5 ల్యాప్‌టాప్ మీదే జరగాలి. పెళ్లయిన మర్నాడు మెమరీ కార్డు పెట్టి క్లిప్‌ను టైమ్‌లైన్ మీదికి లాగితే పెళ్లికూతురు రెండడుగులు వేసి ఆగిపోతుంది. గొంతు మాత్రం ముందుకు వెళ్లిపోతుంది. కాసేపటికి సాఫ్ట్‌వేరే బిగుసుకుపోతుంది.

వెంటనే హార్డ్‌డిస్క్ మీదో ర్యామ్ మీదో అనుమానం వస్తుంది. డబ్బు పెట్టేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఆ క్లిప్ ఆడుతుండగా Ctrl+Shift+Esc నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి. సీపీయూ నూటికి నూరు దగ్గర ఉండి, డిస్క్ అంకె తక్కువగా ఉంటే లోపం డిస్క్‌ది కాదు. ఇలాంటి కేసుల్లో ఎక్కువసార్లు కనిపించేది ఇదే. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసిన 4కె వీడియో అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. అంతమాత్రం చదవడం పాత హార్డ్‌డిస్క్‌కు కూడా పెద్ద లెక్క కాదు. చదివినదాన్ని విప్పి బొమ్మగా మార్చడం దగ్గరే ప్రాసెసర్ చతికిలపడుతుంది.

కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా దాచదు. హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో ఎక్కడో ఒక ఫ్రేమును మాత్రమే పూర్తిగా రాసి, ఆ తర్వాతివాటిలో ఏం మారిందో అంతవరకే రాసుకుంటుంది. పచారీ కొట్టు ఖాతా పుస్తకంలో రోజువారీ జమా ఖర్చులే ఉండి, నిల్వ మాత్రం నెలకోసారి రాస్తే ఎలా ఉంటుందో అలా. పదిహేడో తేదీన నిల్వ ఎంతో చెప్పాలంటే ఒకటో తేదీ నుంచి కూడుకుంటూ రావాలి. సినిమా చూసేవాడికి దీంతో పేచీ లేదు, వరుసగా చూస్తాడు కాబట్టి. ఎడిటర్ పని వేరు. ముందుకు దూకుతాడు, వెనక్కి లాగుతాడు, తాళి కట్టే చోట ఒక్కో ఫ్రేమూ జరుపుతాడు. దూకిన ప్రతిసారీ ప్రాసెసర్ వెనక ఉన్న పూర్తి ఫ్రేము దాకా పోయి, అక్కడినుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. 4కె ఫ్రేము ఒక్కోదానిలో దాదాపు 83 లక్షల చుక్కలు ఉంటాయి. సెకనుకు 25 ఫ్రేములంటే ఇరవై కోట్లు దాటిపోతాయి.

కొత్త ప్రాసెసర్లలో ఈ విప్పే పనికి విడిగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్‌లో హెచ్.265ను ఇలా విప్పే సత్తా ఆరో తరం నుంచి వచ్చింది, అదీ 8 బిట్‌కు. పది బిట్‌కు ఏడో తరం దాకా ఆగాల్సి వచ్చింది. మీ ల్యాప్‌టాప్ నాలుగో తరానిదో ఐదో తరానిదో అయితే బరువంతా మామూలు సీపీయూ మీదే పడుతుంది. ప్రివ్యూ నాణ్యతను పావుకు తగ్గించినా పెద్దగా ఫలితం ఉండదు. ఎందుకంటే ఫ్రేమును చిన్నది చేయాలన్నా చాలావరకు ముందు దాన్ని పూర్తిగా విప్పాల్సిందే.

దీనికి విరుగుడే ప్రాక్సీ. అసలు ఫైలును ముట్టుకోకుండా, దాని పక్కన తేలికపాటి నకలు ఒకటి తయారుచేసి, ఎడిటింగ్ అంతా ఆ నకలు మీద చేస్తారు. తుది వీడియో తీసే ఘడియలో సాఫ్ట్‌వేర్ నకలును పక్కన పెట్టి అసలును అందుకుంటుంది. ఆలోచన కొత్తదేమీ కాదు. ఫిల్మ్ రోజుల్లో మన ఎడిటర్లు మూవియోలా మీద కోసింది రష్ ప్రింట్‌ను. నెగెటివ్ ల్యాబ్‌లో భద్రంగా ఉండేది. కోతలన్నీ ఖాయమయ్యాక ఫిల్మ్ అంచున ఉండే నంబర్లను బట్టి నెగెటివ్‌ను కత్తిరించేవారు. ఆ నంబర్ల పని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది.

ఇప్పుడు ఒక పెళ్లి తీసుకుందాం. మూడు గంటల ఫుటేజ్, 4కె, 25 ఫ్రేములు, సెకనుకు 100 మెగాబిట్లు. గంటకు 45 జీబీ చొప్పున 135 జీబీ అవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ ర్యామ్. ఇలాంటి యంత్రానికి డావిన్చీ రిజాల్వ్ బరువెక్కువ, ప్రీమియర్ కొత్త వెర్షన్లయితే అసలు ఎక్కకపోవచ్చు. ఉచితంగా దొరికే షాట్‌కట్ దీనికి సరిపోతుంది. 2020లో వచ్చిన వెర్షన్ నుంచి దానిలో ప్రాక్సీ సదుపాయం ఉంది.

ముందు కార్డులోని ఫైళ్లన్నీ డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లోకి దించుకోండి. కార్డు నుంచే ఎడిట్ చేయడం మొదలుపెట్టొద్దు. ఆ ఫోల్డర్ పేరుగానీ చోటుగానీ పని అయ్యేదాకా మార్చొద్దు. తర్వాత షాట్‌కట్ తెరిచి, కావలసిన వీడియో మోడ్ ఎంచుకుని ప్రాజెక్టును సేవ్ చేసుకోండి. పార్టీ 1080 చాలంటే 1080లో, 25 ఫ్రేములు. ప్రాక్సీ వాడినంత మాత్రాన ఈ మోడ్ మారదు. Settings మెనూలో Preview Scaling దగ్గర 540p పెట్టి, అదే మెనూలో Proxy కింద ఉన్న Use Proxy మీద టిక్ పెట్టండి. అక్కడే Storage అని ఉంటుంది. సి డ్రైవ్‌లో చోటు తక్కువైతే నకళ్లు ఎక్కడ చేరాలో దానిలో చెప్పొచ్చు.

540పి అని ఊరికే అనలేదు. 4కె ఫ్రేములో ఉన్న చుక్కల్లో సరిగ్గా పదహారో వంతు దీనిలో ఉంటాయి. పదిహేను అంగుళాల తెర మీద, సాఫ్ట్‌వేర్ ప్యానెళ్లన్నీ పోగా ప్రివ్యూకు మిగిలే చిన్న కిటికీలో ఎవరు నవ్వుతున్నారో, ఎవరు కళ్లు మూసుకున్నారో చూసుకోవడానికి అది చాలు. 720పి కొంచెం అందంగా కనిపిస్తుంది. కానీ పాత ల్యాప్‌టాప్ మీద నా ఓటు 540కే.

ఇక క్లిప్‌లు చేర్చగానే Jobs ప్యానెల్‌లో నకళ్ల తయారీ వరుసగా మొదలవుతుంది. ముందే చేర్చేసిన క్లిప్ ఉంటే Properties ప్యానెల్‌లో Proxy బటన్ నుంచి దానికీ చేయించొచ్చు. మూడు గంటల ఫుటేజ్ మొత్తం ఒక్కసారే పోయకుండా, మొదట నిమిషం నిడివి ఉన్న ఒక్క క్లిప్ చేర్చి చూడండి. దానికి రెండున్నర నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే మొత్తానికి ఏడున్నర గంటలు. భోజనం చేసి నకళ్ల పని పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. ఆ ఒక్క నకలు సైజు చూసి 180తో హెచ్చిస్తే డిస్క్‌లో ఎంత చోటు కావాలో కూడా తేలిపోతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద వదలొద్దు. గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏడున్నర గంటలు పన్నెండయ్యేది అక్కడే. స్లీప్ సెట్టింగ్ ఆపడం కూడా మరిచిపోవద్దు.

తెల్లారి చూస్తే క్లిప్‌ల మీద P అక్షరం కనిపిస్తుంది. నకలు జతపడిందని దాని గుర్తు. రాత్రి దాకా మొరాయించిన టైమ్‌లైన్ ఇప్పుడు వేలు కదిపినట్టల్లా కదులుతుంది.

కోతలు మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయడం మంచిది. ముఖ్యంగా బావమరిదో పిన్నిగారో ఫోన్‌లో తీసిన వీడియోలు కలిసి ఉంటే. ఫోన్లు చాలావరకు సెకనుకు ఇన్ని ఫ్రేములని కచ్చితంగా తీయవు. వెలుతురును బట్టి, వేడిని బట్టి కాస్త అటూ ఇటూ చేస్తాయి. అలాంటి ఫైలుకు నకలు తీస్తే మొదట్లో అంతా సరిగ్గానే ఉండి, పోనుపోను అసలుకూ నకలుకూ మధ్య ఎడం పెరగొచ్చు. నకలు మీద మీరు కోసిన చోటు ఒకటి, అసలులో తెగే చోటు ఇంకొకటి అవుతుంది. దీన్ని పట్టుకోవడానికి గట్టిమేళం బాగా పనికొస్తుంది. క్లిప్ చివరి భాగంలో డోలు మీద చేయి పడే ఒక దెబ్బను ఎంచుకుని, ఆ ఫ్రేము దగ్గర మార్కర్ పెట్టండి. Use Proxy టిక్ తీసి, అసలు ఫైలులో అదే మార్కర్ దగ్గర ఏముందో చూడండి. ఒక్క ఫ్రేము కోసం పాత ల్యాప్‌టాప్ కూడా ఓపిక పడుతుంది. చేయి డోలు మీదే ఉంటే నిశ్చింత. గాల్లో ఉంటే ఆ ఫైలును ముందుగా స్థిరమైన ఫ్రేము వేగానికి మార్చుకోవాలి. ఇలాంటి ఫైలు చేర్చినప్పుడు షాట్‌కట్ తనంతట తానే Convert to Edit-friendly అని అడుగుతుంది. ఆ కిటికీని చిరాకుపడి మూసేయకండి. ఇలా మార్చిన ఫైలు నకలు కాదు, ప్రాజెక్టులో ఇక అదే అసలు. నకలు దానికి తీయాలి.

నకలు దాచేసే సంగతి మరొకటి ఉంది, ఫోకస్. పెళ్లికూతురు కళ్ల మీద ఉండాల్సిన ఫోకస్ వెనక బంతిపూల దండ మీద పడితే, 540పిలో అది తెలియనే తెలియదు. చిన్న బొమ్మలో అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. చీకట్లో తీసిన బరాత్ షాట్లలోని గింజలూ అంతే. అందుకని ముఖ్యమైన షాట్లను, రంగులు సరిచేసే పనిని ప్రాక్సీ ఆపేసి ఒకసారి అసలు మీద చూసుకోవాలి. అప్పుడు వీడియో ఆడించే పనిలేదు, ఆగిన ఫ్రేములు చూస్తే చాలు. కదిలే షాట్లను నిలకడ చేసే స్టెబిలైజేషన్ కూడా ప్రాక్సీ ఆపాకే చేయించండి.

ప్రాక్సీ చేయలేనివి కొన్ని ఉన్నాయి. ర్యామ్‌ను పెంచదు. మూడు నాలుగు వీడియోలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద బ్లర్లూ మెరుపులూ వేస్తే నకలు మీద కూడా తడబాటు తప్పదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్స్‌పోర్ట్ వేగాన్ని ఇది పెంచదు. ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే జరగాలి కాబట్టి, ప్రాసెసర్ ఆ బరువును అప్పుడు మోయక తప్పదు. రెండు గంటల పెళ్లి సినిమాకు ఇంకో రాత్రి కేటాయించుకోండి. పార్టీకి తేదీ చెప్పేటప్పుడే ఆ రాత్రిని కూడా లెక్కలో వేసుకోండి.

షాట్‌కట్ ఎక్స్‌పోర్ట్‌కు తనంతట తానే అసలు ఫైళ్లను తీసుకుంటుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాత్రం ఒకచోట కన్నేసి ఉంచాలి. కేడెన్‌లైవ్ రెండర్ కిటికీలోనూ, ప్రీమియర్ ఎక్స్‌పోర్ట్ సెట్టింగులలోనూ ప్రాక్సీలతోనే తుది వీడియో తీసే టిక్ బాక్సు ఉంటుంది. అది ఖాళీగా ఉండాలి. ఎక్స్‌పోర్ట్ అనుమానం వచ్చేంత త్వరగా అయిపోయిందంటే ముందు చూడాల్సింది ఆ టిక్‌నే. ఏదైనా సరే, మొత్తం తీసేముందు పది సెకన్ల ముక్క ఒకటి తీసి, పట్టుచీర జరీ అంచు దగ్గర పెద్దది చేసి చూడండి. జరీ పోగులు విడివిడిగా కనిపిస్తే అసలే వచ్చింది. అంచంతా పసుపు మరకలా ఉంటే నకలు వచ్చింది.

పార్టీ వీడియో తీసుకుని, మార్పులేవీ లేవని చెప్పాక డిస్క్‌లో చోటు కోసం ఏదో ఒకటి చెరపక తప్పదు. అప్పుడు ముందు చెరపాల్సింది నకళ్లను. ఆర్నెల్ల తర్వాత వాళ్లు వచ్చి మరో ముక్క కలపమన్నా, ఒక్క రాత్రిలో నకళ్లు మళ్లీ తయారవుతాయి. అసలు ఫైళ్లు పోతే మాత్రం నకళ్ల నుంచి 4కె తిరిగి రాదు. వాటిని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేశాకే కార్డును ఫార్మాట్ చేయండి.