అమ్మమ్మ చీటీలోని ఆవకాయ

వంట చీటీ రాసే మనిషి దాన్ని పరాయివాళ్ల కోసం రాయదు. తనకు గుర్తుండటానికో, పక్కన నిలబడి నేర్చుకున్న కూతురి కోసమో రాసుకుంటుంది. అందుకే అందులో తెలిసిన సంగతులు ఉండవు, మరిచిపోయే సంగతులే ఉంటాయి. అలాంటి చీటీని ఫోన్‌తో ఫొటో తీసి, దాన్నుంచి సరుకులూ కొలతలూ ఒక పట్టికగా, చేసే పద్ధతి వరసగా అంకెలు వేసిన మెట్లుగా రాయాలంటే చదవడం ఒక్కటే చాలదు. చీటీ చెప్పిందేమిటి, చదివేవాళ్లు ఊహించుకున్నదేమిటి అన్న తేడాను చివరిదాకా కాపాడుకోవాలి. ఈ పని మొత్తానికి ప్రాణం ఇదే.

ముందు ఫొటో. కాగితాన్ని బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురు ఒక పక్కనుంచి పడేలా పెట్టి, ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా పైనుంచి పట్టుకుని తీయాలి. ఫ్లాష్ వేస్తే నూనె మరకలు మెరిసి వాటి కింద అక్షరాలు కనిపించకుండా పోతాయి. వెనకవైపు కూడా తీయాలి, చాలాసార్లు ఉప్పు సంగతి అక్కడే ఉంటుంది. అంకెలున్న చోట్లను దగ్గరనుంచి విడిగా మరో ఫొటో తీయడం మంచిది. స్కానింగ్ యాప్‌లలో కాగితాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చే సదుపాయం ముచ్చటగా ఉంటుంది కానీ, ఇక్కడ అది హాని చేస్తుంది. పసుపు మరకను తుడిచేసే క్రమంలో అది పెన్సిల్ గీతలనూ తుడిచేస్తుంది. రంగుల ఫొటోనే అసలు ప్రతిగా దాచుకోవాలి. వేరే సిరాతో, వేరే దస్తూరీతో ఉన్న మాటలు తర్వాతి సవరణలని రంగును బట్టే తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక ఆవకాయ చీటీని తీసుకుందాం. కోస్తా ఇళ్లలో దొరికే పాత చీటీల తీరులోనే ఇందులో ఇలా ఉంది: “ముక్కలు 2 మానికలు. ఆవపిండి తవ్వ. కారం తవ్వ. ఉప్పు ౻ తవ్వ. మెంతులు గిద్ద. శనగలు అర సోల. పప్పునూనె తవ్వన్నర. వెల్లుల్లి. కాయలు కడిగి తుడిచి కొట్టి జీడి తీయాలి. పిండ్లు కలిపి, ముక్కలు నూనెలో ముంచి పట్టించి జాడీలో. మూడో నాడు తిరగగలిపి ఉప్పు చూడాలి. నూనె తేలాలి.” అంచున పెన్సిల్‌తో మరో మాట: “మెత్తటి ఉప్పయితే తగ్గించు.”

మొదటి పని దీన్ని ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి రాయడం. వరుసలు మార్చకూడదు, తప్పులు దిద్దకూడదు, చదవలేని చోట ప్రశ్న గుర్తు పెట్టాలి. ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్‌తో చదివించినా ఈ పని తప్పదు. అచ్చు అక్షరాలను అవి బాగానే పట్టుకుంటాయి కానీ చేతిరాతలో ఒత్తులు, గుణింతాలు దగ్గర తడబడతాయి. మాటలతో పెద్ద ప్రమాదం లేదు. ‘ఆవపిండి’లో ‘ప’, ‘వ’లా కనిపించినా పక్క మాటలే దారి చూపిస్తాయి. అంకెకు అలాంటి ఆసరా ఉండదు. ఒకటికి బదులు రెండు అని చదివినా వాక్యం సాఫీగానే సాగుతుంది, చెడేది పచ్చడి.

ఈ చీటీలో అసలు గండం ఉప్పు దగ్గరే ఉంది. దాని పక్కనున్న ౻ అనే మూడు నిలువు గీతలు పాత తెలుగు లెక్కల్లో ముప్పావుకు గుర్తు. ఒక నిలువు గీత ౹ పావు, రెండు గీతలు ౺ అర. పదహారో వంతులకు అడ్డగీతలు వాడేవారు. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లో కూడా చేరాయి. వీటితో పరిచయం లేనివారు రెండు గీతలను పదకొండుగా, మూడు గీతలను 3గా చదువుతారు. ఈ చీటీలో అలా చదివితే ఉప్పు మూడు తవ్వలవుతుంది. అది తప్పని ఎలా తెలుస్తుంది? సరుకుల మధ్య ఉండే నిష్పత్తే చెబుతుంది. మానికకు రెండు తవ్వలు కాబట్టి రెండు మానికల ముక్కలంటే నాలుగు తవ్వలు. నాలుగు కొలతల ముక్కలకు ఒక కొలత ఆవపిండి, ఒక కొలత కారం, దాదాపు ముప్పావు నుంచి ఒక కొలత ఉప్పు అన్నది చాలా ఇళ్లలో ఆవకాయకు వాడుకలో ఉన్న లెక్క. నాలుగు తవ్వల ముక్కలకు మూడు తవ్వల ఉప్పు ఎవరూ వేయరు. అనుమానం వచ్చిన ప్రతి అంకెనూ ఇలా పక్క సరుకులతో పోల్చి చూస్తే తప్పు చాలావరకు బయటపడుతుంది.

ఇక కొలతల మార్పిడి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్క స్థిరమే. అయితే సోలలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయన్నది ప్రాంతాన్ని బట్టి, ఇంట్లో ఉన్న పాత్రను బట్టి మారేది. పుస్తకంలోంచో ఇంటర్నెట్‌లోంచో ఒక అంకె తెచ్చి అతికించడం కన్నా, ఆ ఇంటి తవ్వ ఇంకా ఉంటే దాన్ని నీళ్లతో అంచుదాకా నింపి వంటింటి త్రాసు మీద తూచడం నమ్మకమైన దారి. గ్రాము నీళ్లు మిల్లీలీటరుతో సమానం. పాత్ర దొరకకపోయినా నష్టం లేదు. అన్ని సరుకులూ ఒకే కొలపాత్రతో కొలిచారు కాబట్టి తవ్వకు బదులు ఏ గిన్నె తీసుకున్నా రుచి మారదు, పచ్చడి ఎంత వస్తుందన్నది మాత్రమే మారుతుంది. గోపురంలా పోసి కొలిచేవారా, చేత్తో అంచు చదును చేసేవారా అన్నది ఆ ఇంటి పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

తూకాల్లో రాసిన చీటీలది వేరే దారి. దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టం వచ్చింది, 1960ల ఆరంభానికి అవి తప్పనిసరి అయ్యాయి. అయినా పాత తూకాలు ఇళ్లలో అంత త్వరగా పోలేదు. తులం సుమారు 11.66 గ్రాములు. మూడు తులాలు ఒక పలం, అంటే దాదాపు 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశె, దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. చిక్కంతా సేరుతోనే. మద్రాసు కొలతలు నడిచిన చోట సేరు 24 తులాలు, సుమారు 280 గ్రాములు. బ్రిటిష్ ఇండియా ప్రామాణిక సేరు 80 తులాలు, సుమారు 933 గ్రాములు. ఒకదానికి మరొకటి మూడింతలకు పైనే ఉంది. ఊరు తెలియకుండా సేరును గ్రాముల్లోకి మార్చకూడదు. ‘సేరు’ అని అలాగే ఉంచి పక్కన ప్రశ్న గుర్తు పెట్టడమే నిజాయతీ.

ఆవకాయ చీటీకి వస్తే, ఆ ఇంటి తవ్వలో 500 మిల్లీలీటర్లు పడతాయనుకుందాం. అప్పుడు పట్టిక ఇలా వస్తుంది. పాత కొలతను ముందు ఉంచి, కొత్తదాన్ని పక్కన రాయాలి, రేపెవరైనా లెక్క సరిచూసుకోవచ్చు.

మామిడి ముక్కలు: 2 మానికలు (2 లీటర్లు)
ఆవపిండి: 1 తవ్వ (500 మి.లీ.)
కారం: 1 తవ్వ (500 మి.లీ.)
ఉప్పు: ముప్పావు తవ్వ (375 మి.లీ.)
మెంతులు: 1 గిద్ద (సుమారు 60 మి.లీ.)
శనగలు: అర సోల (125 మి.లీ.)
పప్పునూనె, అంటే నువ్వుల నూనె: తవ్వన్నర (750 మి.లీ.)
వెల్లుల్లి: చీటీలో కొలత లేదు

ఇవన్నీ పరిమాణాలే, బరువులు కావు. ఆవపిండి లీటరు ఒక బరువు, ఉప్పు లీటరు మరో బరువు. ఉప్పు విషయంలో ఇది మరీ ముఖ్యం. రాళ్ల ఉప్పులో గింజల మధ్య ఖాళీలుంటాయి, మెత్తటి ప్యాకెట్ ఉప్పులో ఆ ఖాళీలు తక్కువ. అందుకే అదే గిన్నెడు మెత్తటి ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది, పచ్చడి ఉప్పగా అవుతుంది. అంచున ఉన్న పెన్సిల్ మాటను బట్టి అసలు కొలత మెత్తటి ఉప్పుకు కాదని తెలుస్తోంది. అసలు కొలతను మార్చకుండా, ఈ సంగతిని ఉప్పు వరుస కిందనే విడిగా రాయాలి.

మెట్లు రాసేటప్పుడు ఒక్కో మెట్టులో ఒక్కో పని, ఆ పని అయిందనడానికి గుర్తు ఉండాలి.

1. కాయలు కడిగి, పొడి గుడ్డతో తడి లేకుండా తుడవాలి.
2. కాయలు కొట్టి, జీడి తీసేయాలి. ముక్కలు కొలిచి 2 మానికలు తీసుకోవాలి.
3. ఆవపిండి, కారం, ఉప్పు కలపాలి.
4. మెంతులు, శనగలు, వెల్లుల్లి అందులో వేయాలి. [చీటీలో లేదు]
5. ముక్కలను కొన్ని కొన్నిగా నూనెలో ముంచి, పిండి పట్టించి, జాడీలో వేయాలి.
6. మిగిలిన పిండి, నూనె పైన వేసి మూత పెట్టాలి. [చీటీలో లేదు]
7. మూడో నాడు అడుగునుంచి తిరగగలిపి, ఉప్పు చూడాలి.
8. నూనె పైకి తేలకపోతే మరికొంత పోయాలి. [ఎంత పోయాలో చీటీలో లేదు]

చదరపు కుండలీకరణాలు ఉన్న మెట్లను గమనించాలి. పట్టికలో ఉన్న ప్రతి సరుకూ ఏదో ఒక మెట్టులో కనబడాలి, మెట్లలో ఉన్న ప్రతి సరుకూ పట్టికలో ఉండాలి. ఇలా రెండు వైపులనుంచీ సరిచూస్తేనే మెంతులు, శనగలు ఎప్పుడు వేయాలో చీటీ చెప్పలేదన్న సంగతి బయటపడింది. మెంతులు గింజలుగా వేయాలా, పిండి కొట్టి వేయాలా అన్నదీ తెలియదు. వెల్లుల్లి ఎంతో లేదు. ఇవి నింపాలనిపించడం సహజం. నింపినా తప్పు లేదు, కానీ నింపింది ఎవరో తెలిసేలా గుర్తు ఉండాలి. ‘మూడో నాడు’ కూడా జాగ్రత్తగా రాయాల్సిన మాటే. కలిపిన రోజునే ఒకటోదిగా లెక్కపెట్టడం పెద్దల అలవాటు. ఆ లెక్కన సోమవారం కలిపితే బుధవారం తిరగగలపాలి. మూడు రోజులు గడిచాక అని రాస్తే ఒక రోజు వెనకబడుతుంది.

‘తగినంత’, ‘కాస్త’, ‘నూనె తేలాలి’ వంటి మాటలను బలవంతంగా మిల్లీలీటర్లలోకి దించకూడదు. నూనె తేలడం కంటికి కనిపించే గుర్తు, అంకె కన్నా గట్టి కొలత. ముక్క రసం, పిండి మెత్తదనం ఏడాదికేడాదికి మారతాయి కాబట్టి నూనె అవసరమూ మారుతుంది. పాతకాలం వంటవారు ఆ ఒక్క చోట అంకె రాయకపోవడానికి కారణం అదే. చీటీలో తవ్వన్నర అని ఉన్నా, చివరి మెట్టులో ఆ గుర్తును అలాగే నిలబెట్టాలి.

రాయడం అయ్యాక ఒకసారి కలిపి చూడాలి. మొత్తం కాకుండా నాలుగో వంతు చాలు: తవ్వకు బదులు సోలలో సగం, మానికకు బదులు సోల. గిద్ద మెంతులకు పావు గిద్ద, అంటే ఈ ఇంటి లెక్కలో ఒక పెద్ద చెంచా, 15 మిల్లీలీటర్లు. మూడో నాడు ఉప్పు చూసి, ఎక్కువైతే కాస్త మామిడి ముక్క, కాస్త ఆవపిండి చేర్చి, ఎంత చేర్చారో పట్టిక కింద తేదీతో సహా రాసుకోవాలి. అసలు చీటీ ఫొటో, ఉన్నదున్నట్టు ఎత్తి రాసిన ప్రతి, కొత్త పట్టిక, ఈ మూడూ ఒకే చోట దాచితే, ముప్పావు గీతల్ని ఎవరైనా అనుమానించినప్పుడు నేరుగా వెళ్లి చూసుకోవచ్చు.