హిప్పోలిత్ కాలు ఎవరికి అడ్డం?

ఫ్రాన్స్‌లోని నార్మండీలో యోన్‌విల్ అనే ఊరు ఉందని గుస్తావ్ ఫ్లోబేర్ కల్పించాడు. ఆ ఊరి సత్రంలో గుర్రాలను చూసుకునే పనివాడు హిప్పోలిత్. ఎర్రజుట్టు, అందులో చిక్కుకున్న గడ్డిపరకలు, ఎడమకాలు కుంటి. 'మదాం బొవారీ' నవలలో ఎమ్మా, ఆమె భర్త షార్ల్ ఆ ఊరికి కాపురం వచ్చిన రాత్రి లాంతరు పట్టుకుని వాళ్లను కొత్తింటికి తీసుకెళ్లేది అతనే. ఆ తరువాత చాలా పేజీల వరకు అతని ఊసు పెద్దగా ఉండదు. కానీ నవల మధ్యలో అతని కాలు ఊరందరికీ కావలసి వస్తుంది.

1856 చివరలో ఈ నవల ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. మరుసటి ఏడాది మొదట్లోనే నీతిని చెడగొడుతోందంటూ రచయితను కోర్టుకీడ్చారు. కేసు కొట్టేశాక 1857లో పుస్తకంగా వెలువడింది. పెళ్లయిన ఎమ్మా ప్రేమ వ్యవహారాలు, అప్పులు, ఆత్మహత్య గురించే అందరూ మాట్లాడుకుంటారు. అయితే వైకల్యం ఉన్న మనిషిని నవల ఎలా చూపిస్తుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పుస్తకం దొరకడం కష్టం. ఇందులో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఒకరు హిప్పోలిత్, రెండోవాడు దారి పక్కన అడుక్కునే అంధుడు. ఈ ఇద్దరినీ రచయిత ఒకేలా చూడలేదు.

హిప్పోలిత్‌ది వంకర పాదం. మడమ పైకి లాక్కుపోయి, పాదం కిందికి, కొద్దిగా లోపలికి తిరిగి ఉంటుంది. గుర్రపు డెక్కంత వెడల్పు, గరుకు చర్మం, నల్లబడిన గోళ్లు. ఇంత వర్ణించాక మరో రచయితైతే జాలి దగ్గర ఆగిపోయేవాడు. ఫ్లోబేర్ మాత్రం ఆ కాలు ఏం చేయగలదో చెబుతాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హిప్పోలిత్ సంత మైదానంలో బళ్ల చుట్టూ చెంగుచెంగున తిరుగుతూనే ఉంటాడు. ఏళ్ల తరబడి పనిచేసి రాటుదేలిన ఆ కాలే రెండోదానికన్నా బలమైనది. బరువు పని పడితే అతను ముందు దానిమీదే ఆనుకుంటాడు. అంటే ఆ కాలితో అతనికి ఏ ఇబ్బందీ లేదు. నవలలో ఆ తరువాత జరిగేదంతా ఈ ఒక్క విషయం మీద నడుస్తుంది.

ఇబ్బంది ఉన్నది మిగతావాళ్లకు. ఊళ్లో మందుల దుకాణం నడిపే ఒమే వంకర పాదాన్ని సరిచేసే కొత్త పద్ధతి గురించి ఎక్కడో చదివాడు. అది తమ ఊళ్లో జరిగితే ఊరికి పేరు వస్తుందనుకున్నాడు. ఎమ్మా అప్పటికి ప్రియుడు రొడాల్ఫ్ మీద కాస్త విసిగి ఉంది. మొగుడు పేరుప్రఖ్యాతులు తెచ్చుకుంటే మళ్లీ అతన్ని ప్రేమించగలనేమోనని ఆశపడింది. ఇద్దరూ కలిసి షార్ల్‌ను తోశారు. షార్ల్ పూర్తిస్థాయి డాక్టరు కూడా కాదు. చిన్న చదువుతో పల్లెల్లో వైద్యం చేసుకోవడానికి అనుమతి ఉన్నవాడు. రువాన్ నుంచి డాక్టర్ దువాల్ గ్రంథం తెప్పించుకుని, రోజూ రాత్రి తల పట్టుకుని చదివాడు. దువాల్ కల్పిత పాత్ర కాదు. వంకర పాదం చికిత్స మీద ఆయన పుస్తకం 1839లో నిజంగానే వచ్చింది. ఫ్లోబేర్ తండ్రి రువాన్ ఆస్పత్రిలో పెద్ద సర్జన్. కత్తీ కట్టూ మాటలు వినని రోజు ఆ ఇంట్లో ఉండి ఉండదు.

ఇక హిప్పోలిత్‌ను ఒప్పించాలి. నొప్పి పెద్దగా ఉండదని, ఇదంతా నీ మంచికేనని, ఆడపిల్లలు ఇష్టపడతారని ఒమే ఊదరగొట్టాడు. సత్రం యజమానురాలు, ఇరుగుపొరుగు, చివరికి ఊరి మేయరు కూడా వెంటపడ్డారు. పైసా ఖర్చు లేదన్న మాట అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. అతనికి ఏం కావాలో ఒక్కరూ అడగలేదు. ఫ్లోబేర్ ఈ ఒప్పించడాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఇదే. ఆ ఊరివాళ్ల కంటికి హిప్పోలిత్ అప్పటికే మనిషి కాకుండా పోయాడు. ఒమేకి అతను విజ్ఞానశాస్త్రం గెలుపు, ఎమ్మాకి మొగుడి ప్రతిష్ఠ, మేయరుకి ఊరి గొప్ప. మనిషి గుర్తుగా మారిపోవడమంటే ఏమిటో ఈ నవల ఉపన్యాసంగా చెప్పదు, ఊరి సంఘటనగా చూపిస్తుంది.

ఆపరేషన్ పద్ధతి తప్పుడుదేమీ కాదు. మడమ వెనక ఉండే లావాటి స్నాయువు బిగుసుకుపోవడం వల్ల పాదం కిందికి తిరుగుతుంది. దాన్ని చర్మం కింద సన్నటి కత్తితో కోసి వదులు చేస్తారు. ఈ రోజుకీ వంకర పాదంతో పుట్టిన పసిబిడ్డలకు వారం వారం పట్టీ మార్చి, చాలామందికి చివర్లో అదే స్నాయువును కొద్దిగా కోస్తారు. అమెరికాలోని అయోవాలో డాక్టర్ పొన్సెటి రూపుదిద్దిన ఈ పద్ధతి మన దేశంలో కూడా ఎందరో పిల్లలను నడిపిస్తోంది. కానీ అది ఎముకలు ఇంకా మెత్తగా ఉన్న వయసులో, నిదానంగా చేసే పని. షార్ల్ చేసింది కాయకష్టంతో ముదిరిన పాదాన్ని కొన్ని రోజుల్లో తిప్పేయాలని చూడటం.

స్నాయువు తెగిన చప్పుడు పుటుక్కున వినిపించింది. హిప్పోలిత్ ఆశ్చర్యపోయి డాక్టరు చేతులు ముద్దుపెట్టుకున్నాడు. ఆ వెంటనే వడ్రంగి, తాళాల పనివాడు కలిసి చేసిన పెట్టెలో కాలు బిగించారు. ఇనుము, కర్ర, రేకు, తోలు, మరలు కలిసి దాని బరువు 8 పౌన్లు, అంటే దాదాపు 4 కిలోలు. ఆ రాత్రే ఒమే పత్రికకు వ్యాసం రాసేశాడు.

అయిదో రోజున సత్రం యజమానురాలు కేకలు వేసుకుంటూ వచ్చింది. మనిషి మెలికలు తిరిగిపోతూ ఆ పెట్టెను గోడకేసి కొడుతున్నాడు. తీసి చూస్తే పాదం పోలిక తెలియనంతగా వాచి, చర్మం పగిలేలా ఉంది. నొప్పిగా ఉందని అతను ముందే చెప్పాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. కాసేపు కట్టు విప్పారు. వాపు కొంచెం తగ్గగానే, తొందరగా నయం కావాలని, మునుపటికన్నా గట్టిగా బిగించారు. మరో మూడు రోజులకు కాలు నల్లబడి, పొక్కులెక్కి, నల్లటి రసి కారసాగింది.

ఈ కాలపు ఎముకల డాక్టరు ఎవరైనా ఈ పేజీ దగ్గర ఉలిక్కిపడతారు. బిగుతు కట్టు కింద నొప్పి తగ్గకుండా అంతకంతకూ పెరుగుతోందంటే రక్తం ఆడటం లేదేమోనని మొదట అనుమానించాలి. ఆ సంగతి తెలిపేది రోగి మాటే. అతను చెప్పింది నమ్మి ఉంటే అదే రోజు కట్టు తెరిచేవాళ్లు. చెప్పినవాడు వాళ్ల దృష్టిలో ఒక ప్రయోగం కాబట్టి, అతని నొప్పి ప్రయోగానికి వచ్చిన చిన్న ఆటంకంలా కనబడింది. వైద్యం చెడటం, మనిషిని మనిషిగా చూడకపోవడం ఇక్కడ ఒకటే సంఘటన. నవలలో ఇంతకన్నా పదునైన భాగం లేదనిపిస్తుంది.

చివరికి పొరుగూరి డాక్టర్ కానివే వచ్చి తొడ దగ్గర కాలు తీసేశాడు. మత్తు ఇచ్చి కోయడం వైద్యానికి ఇంకా అలవాటు కాని రోజులవి. సరిగ్గా ఆ సమయంలో ఫ్లోబేర్ పాఠకుణ్ని హిప్పోలిత్ దగ్గర ఉంచలేదు. ఎమ్మా, షార్ల్ కూర్చున్న గదిలోకి తీసుకుపోయాడు. అక్కడికి వినపడేది అరుపులు మాత్రమే. ఎమ్మా ఆలోచనంతా ఇలాంటి చేతకాని మొగుణ్ని ఎలా నమ్మానన్నదాని చుట్టూనే తిరుగుతుంది. ఆ రోజే ఆమె మనసు పూర్తిగా రొడాల్ఫ్ వైపు మళ్లింది. కథ నడపడానికి ఆ కాలు పోవాలి, పోయింది.

వైకల్యం ఉన్న పాత్రను సాహిత్యం చాలాసార్లు ఊతకర్రలా వాడుకుంటుందని అమెరికా పరిశోధకులు డేవిడ్ మిచెల్, షారన్ స్నైడర్ 2000లో ఒక పుస్తకంలో వాదించారు. కథ దాని మీద ఆనుకుని నడుస్తుంది, అవసరం తీరాక పక్కన పడేస్తుంది. అరుపు వినిపించిన ఘట్టం ఆ వాదానికి చక్కగా సరిపోతుంది. హిప్పోలిత్ అక్కడితో మాయమైపోయి ఉంటే అతను ఎమ్మా కథలో ఒక మలుపు మాత్రమే అయ్యేవాడు.

అతను మాయం కాలేదు. షార్ల్ 300 ఫ్రాంకులు పెట్టి కర్రకాలు కొనిచ్చాడు. కీళ్ల దగ్గర స్ప్రింగులు, పైన నల్ల ప్యాంటు, కింద నిగనిగలాడే బూటు. గుర్రాలశాలలో అంత అందమైన కాలు వేసుకు తిరగడానికి హిప్పోలిత్‌కు మనసొప్పలేదు. పనికి వీలుగా ఉండేది ఇంకోటి ఇప్పించమని ఎమ్మాను అడిగి తెచ్చుకుని మళ్లీ పనిలోకి దిగాడు. ఊళ్లో రాళ్లమీద ఆ కర్ర టకటక వినబడగానే షార్ల్ దారి మార్చుకునేవాడు. చాలా రోజుల తరువాత ఎమ్మా చనిపోయినప్పుడు చర్చిలో మళ్లీ ఆ చప్పుడు. గోధుమరంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు కష్టంగా మోకాళ్లు వంచాడు. ఆ రోజు హిప్పోలిత్ కొత్త కాలు పెట్టుకుని వచ్చాడు. ఎందుకని నవల వివరించదు. రోజూ దాచుకునే వస్తువును ఏ రోజు బయటికి తీయాలో అతనే నిర్ణయించుకున్నాడు. తన ఇష్టాయిష్టాలున్న పాత్ర మాత్రమే అలాంటి పని చేయగలదు.

అంధుడి సంగతి వేరు. అతనికి పేరు లేదు, ఊరు లేదు. రువాన్‌లో మరో ప్రియుణ్ని కలిసి వచ్చే ఎమ్మా బండి వెంట పరుగెత్తుతూ ప్రేమ పాట పాడతాడు. కనురెప్పల చోట నెత్తురోడే గుంటలు. రచయిత హిప్పోలిత్ పాదాన్ని వర్ణించి అది ఏం పని చేస్తుందో చెప్పాడు. ఈ ముఖాన్ని వర్ణించి భయపెట్టడం దగ్గరే ఆగాడు. ఎమ్మా విషం మింగి ప్రాణం విడుస్తుండగా సరిగ్గా కిటికీ కింద అతని పాట వినబడుతుంది. ఆమె వికృతంగా నవ్వి కుప్పకూలుతుంది. చావుకు, పాపానికి, శిక్షకు అతన్ని గుర్తుగా విమర్శకులు ఎన్నో రకాలుగా చదివారు. అవన్నీ కుదురుతాయి. ఆ రాత్రి అతను ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు, ఎందుకంటే నవలే ఆ ప్రశ్నకు చోటివ్వలేదు. గొప్ప రచయిత కూడా అలవాటైన దారిలో నడిచిన చోటు ఇది.

అయితే అతను ఆ రాత్రి యోన్‌విల్‌కు ఎందుకొచ్చాడో చెప్పే చిన్న వివరం ఒకటుంది. కళ్లు బాగుచేసే మందు ఇస్తానని ఒమే అంతకుముందు దారిలో మాటిచ్చాడు. అతను ఆ మందు కోసం వచ్చాడు. అది పనిచేయలేదు. ఆ తరువాత ఆ మనిషి కొండదారిలో వచ్చేపోయే ప్రయాణికులందరికీ మందులవాడి అసమర్థత గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నవల మొత్తంలో అతను తన సొంత గోడు వెళ్లబోసుకున్నది అప్పుడొక్కసారే. ఒమే ఊరుకోలేదు. ఇలాంటి బిచ్చగాళ్ల వల్ల ప్రజలకు ప్రమాదమంటూ పత్రికలో పేర్లు లేని రాతలు కుమ్మరించాడు. పోలీసులు అంధుణ్ని పట్టుకుని, ఒకసారి వదిలి, మళ్లీ పట్టుకుని, చివరికి జీవితాంతం ఆశ్రమంలో బంధించారు. హిప్పోలిత్ విషయంలో ఒమేకి ఏ శిక్షా పడలేదు, ఇక్కడా పడలేదు. నవల ఆఖరి వాక్యంలో ప్రభుత్వం అతనికి గౌరవ పతకం ఇస్తుంది.