సీసా మెడలో విరిగిన బిరడా

అమెరికా నుంచి వచ్చిన బావగారో, గోవా వెళ్లొచ్చిన స్నేహితుడో ఇచ్చిన వైన్ సీసా చాలా ఇళ్లలో హాల్లోని షోకేసు ఎక్కుతుంది. బొమ్మల పక్కన నిటారుగా నిలబడి నాలుగైదు వేసవులు చూస్తుంది. ఎప్పుడో క్రిస్మస్ కేకు కోసమో, కొత్తల్లుడు వచ్చాడనో దాన్ని కిందికి దించుతారు. స్క్రూ గుచ్చి లాగితే బిరడా పైసగం చేతికొస్తుంది. కింది సగం మెడలోనే ఉండిపోతుంది. అప్పటిదాకా జరిగిందాంట్లో ప్రమాదమేమీ లేదు. ఆ తర్వాత వంటింట్లోంచి కత్తి, స్క్రూడ్రైవర్, సుత్తి ఒకదాని వెనక ఒకటి వస్తాయి చూడండి, గాజు పెంకులు రాలేది అప్పుడు.

బిరడా ఎంత చిందరవందరైనా గాజుకు ఏమీ కాదు. గాజును దెబ్బతీసేవి ఇనుము, మంట, దెబ్బ. కాబట్టి ఇక్కడ ఏ పని మొదలెట్టినా చూసుకోవలసింది ఒక్కటే: మన బలం బిరడా మీద పడుతోందా, సీసా అంచు మీద పడుతోందా?

బిరడా మెడను అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటుందో తెలిస్తే దాన్ని వదిలించడం తేలిక. పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు ఇది. చెట్టును నరకరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు మాత్రం ఒలిచి తీస్తారు. ఆ బెరడు నిండా గాలి నిండిన అతి చిన్న గదులుంటాయి. వైన్ సీసాకు పెట్టే మామూలు బిరడా వ్యాసం 24 మిల్లీమీటర్లు, మెడ లోపలి వ్యాసం నోటి దగ్గర సుమారు 18.5 మిల్లీమీటర్లు. యంత్రంతో నొక్కి లోపలికి దించగానే అది మళ్లీ తన లావుకు రావాలని చూస్తుంది, గోడ అడ్డమొస్తుంది. ఆ ఒత్తిడే దాని పట్టు. సీసాను పడుకోబెట్టి ఉంచితే వైన్ తగులుతూ బిరడా మెత్తగా ఉంటుంది. మన షోకేసు వేడిలో ఏళ్ల తరబడి నిలబెడితే ఎండి పెళుసవుతుంది. దానికి తోడు స్క్రూను సగం లోతుకే దించి లాగితే, స్క్రూ పట్టుకున్నంత మేర పైకొచ్చి మిగిలింది కిందే ఉండిపోతుంది. బిరడాలు విరగడానికి ఎక్కువసార్లు కారణం ఈ తొందరే.

బిరడాకు ఇంకో విచిత్రమైన గుణం ఉంది. రబ్బరు మూతను పైనుంచి నొక్కితే పక్కలకు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. బిరడాను నొక్కితే లోపలి గదులు ముడుచుకుంటాయే తప్ప పక్కలకు దాదాపు ఉబ్బదు. అందుకే అవసరమైతే దాన్ని సీసాలోకి తోసెయ్యడం కూడా సాధ్యమవుతుంది. అది రెండో దారి. మొదట పైకి లాగడమే చూద్దాం.

మన సీసా 750 మిల్లీలీటర్లదనుకుందాం, బిరడా పొడవు 45 మిల్లీమీటర్లు. పైనుంచి పాతిక మిల్లీమీటర్ల ముక్క ఊడొచ్చింది, రెండు సెంటీమీటర్ల ముక్క లోపల ఉంది. సీసాను బల్ల మీద నిలబెట్టి, కదలకుండా కింద తడిగుడ్డ వెయ్యండి. మెడ చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టి, దాని మీదుగానే పట్టుకోండి. సెల్‌ఫోన్ లైటు వేసి ముందుగా సీసా అంచు చూడండి. పెచ్చు లేచిందేమో, పగులు గీత కనిపిస్తోందేమో. కొంచెం దూది తీసుకుని అంచు చుట్టూ తిప్పితే కంటికి కనబడని గరుకు దగ్గర పోగులు చిక్కుకుంటాయి. వేలితో తడమకండి. తర్వాత ముక్క పైన రాలిన పొడిని పుల్లతోనో పట్టకారుతోనో తీసెయ్యండి.

ఇప్పుడు అసలు కిటుకు. పాత రంధ్రం అప్పటికే గుల్లైపోయి ఉంటుంది, నడిమధ్యలో మళ్లీ స్క్రూ దించితే పట్టు దొరకదు. పైగా కిందికి నొక్కిన కొద్దీ ముక్క లోపలికి జారుతుంది. కాబట్టి కార్క్‌స్క్రూను మెడలో వీలైనంత ఏటవాలుగా పట్టుకుని, దాని మొన గోడ పక్కన ఉన్న గట్టి భాగంలో దిగేలా పెట్టండి. నొక్కకుండా, నెమ్మదిగా తిప్పండి. ఏటవాలుగా దిగే స్క్రూ ముక్కను ఎదుటి గోడకు అదిమి పెడుతుంది, అందువల్ల అది కిందికి జారదు. రెండు మూడు చుట్లు దిగాక స్క్రూ తనంతట తనే నిటారుగా సర్దుకుంటుంది. చుట్లు బాగా పట్టాయనిపించాక ఒక చేత్తో మెడను, ఇంకో చేత్తో పిడిని పట్టుకుని, కొద్దిగా మెలితిప్పుతూ నిలువుగా లాగండి. సీసా అంచుకు ఆనించి ఎత్తే మీట ఉన్న ఓపెనరైతే ఈసారి ఆ మీటను వాడకపోవడమే మంచిది. ముక్క హఠాత్తుగా కదిలితే మీట కాలు జారి అంచును పెచ్చు లేపుతుంది.

తిప్పుతున్నప్పుడు ముక్క ఒక్క మిల్లీమీటరు కిందికి జరిగినట్టు కనిపించినా అక్కడితో ఆపండి. దానికి పట్టు లేదు, అది పైకి రాదు. 

రెండు సన్నని రేకులుండే ఓపెనర్ ఇంకో రకం. రేకులను బిరడాకూ గాజుకూ మధ్య ఊగిస్తూ దించి, మెలితిప్పి పైకి లాగుతారు. పాతబడి పెళుసెక్కినా ఇంకా విరగని బిరడాకు దీన్ని మించింది లేదు. విరిగిన ముక్క బిగువుగా ఉంటేనే దీంతో వస్తుంది, వదులుగా ఉంటే రేకులే దాన్ని లోపలికి తోసేస్తాయి.

ఓపెనర్ లేని ఇంట్లో చెక్కకు బిగించే మూడంగుళాల పొడవు స్క్రూ పనికొస్తుంది. అయితే సన్నటిదీ, మరలు దూరదూరంగా ఉన్నదీ ఎంచుకోవాలి. కార్క్‌స్క్రూ అనేది తీగ చుట్ట, మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి బిరడాను పెద్దగా ఉబ్బించదు. చెక్క స్క్రూకు నడుమ కడ్డీ ఉంటుంది. లావుదైతే బిరడాను గోడకేసి మరింత ఒత్తుతుంది, లేదంటే రెండుగా చీలుస్తుంది. తల బయట ఒక సెంటీమీటరు మిగిలేలా దించి కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని నిలువుగా లాగండి. సుత్తి వెనకవైపు చీలికతో మేకులు పీకినట్టు పీకాలని చూడకండి. సుత్తి ఆనేది సీసా అంచు మీదే, మొత్తం బరువు ఆ సన్నని గాజు మీదే పడుతుంది. కత్తి మొనతో పక్కల్లో తవ్వడం కూడా అంతే.

ముక్క రాకపోతే తోసెయ్యడమే. ఇందులో అవమానమేమీ లేదు. బిరడా విషం కాదు, వైన్‌లో తేలినంత మాత్రాన వైన్ పాడవదు. కానీ ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది: గాలి. కొత్త సీసాలో బిరడాకూ వైన్‌కూ మధ్య ఉండే ఖాళీ ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. ముక్క బిగువుగా ఉన్నప్పుడు దాన్ని ఒక సెంటీమీటరు కిందికి తోశారనుకోండి, ఆ గాలి మూడో వంతు చోటులోకి ఇరుక్కుంటుంది, ఒత్తిడి మూడింతలవుతుంది. ఎక్కడో ఒక పక్క సందు దొరకగానే వైన్ ముఖం మీదికి చిమ్ముతుంది. అందుకని ముందు సన్నని పుల్లతోనో, కార్క్‌స్క్రూ మొనతోనో ముక్క ఆసాంతం దాటేలా ఒక రంధ్రం చెయ్యండి. గాలి అందులోంచి పోతుంది. ఆ తర్వాత సీసాను సింకులో పెట్టి, నోటి చుట్టూ గుడ్డ కప్పి, చెక్క గరిటె కాడతో నిలువుగా, ఆగి ఆగి నొక్కండి. కాడ మొద్దుగా ఉండాలి, మెడలో సులువుగా కదలాలి. ఇనుప కడ్డీ వద్దు. ముక్క మెడ దాటిన క్షణంలో కాడ ఒక్కసారిగా లోపలికి దిగుతుంది కాబట్టి మీ బరువంతా దాని మీద వెయ్యకండి.

వంచేటప్పుడు ముక్క తేలుకుంటూ వచ్చి మెడకు అడ్డం పడుతుంది. వెదురు పుల్లతో దాన్ని పక్కకు నెట్టి పట్టుకుని వంచాలి. ఉతికి, సబ్బు వాసన పోయేదాకా జాడించిన పల్చటి మల్లు గుడ్డను రెండు మడతలు వేసి వడకడితే బిరడా పొడి, పాత వైన్ అడుగున చేరిన మడ్డి రెండూ ఆగిపోతాయి.

గాజు విషయంలో మాత్రం ఆ వడకట్టుడును నమ్మకండి. పని అయ్యాక దూదిని అంచు చుట్టూ ఇంకోసారి తిప్పండి. మొదట లేని గరుకు ఇప్పుడు ఉంటే, ఆ పెచ్చు ఎక్కడ పడిందో బల్ల మీద కనబడకపోతే, సీసాలో ఉన్నదంతా పారబొయ్యండి. గుడ్డ సందులకన్నా సన్నని గాజు రజను కూడా ఉంటుంది. ఎంత ఖరీదైన వైనైనా ఇక్కడ బేరం లేదు.

వీడియోల్లో తిరిగే చిట్కాల సంగతి. సీసా అడుగును బూటులో పెట్టి గోడకేసి కొడితే బిరడా బయటికొస్తుందన్నది బాగా ప్రచారంలో ఉంది. నిజంగా వస్తుంది కూడా. అయితే దెబ్బకు లోపలి ద్రవం ఒక్క క్షణం అడుగును వదిలి, ఏర్పడిన బుడగలు కూలుతూ మళ్లీ అడుగును బలంగా తాకుతుంది. నిండు సీసా మూతి మీద అరచేత్తో కొడితే అడుగు ఊడిపోయేది కూడా ఈ దెబ్బకే. బూటుతో కొట్టినప్పుడు సీసా తట్టుకుంటుందా లేదా అన్నది అదృష్టం. సైకిలు పంపు సూది గుచ్చి గాలి కొట్టడం ఇంకా చెడ్డది, మామూలు వైన్ సీసాను లోపలి ఒత్తిడికి తట్టుకునేలా చెయ్యరు. లైటరుతో మెడ వేడిచేస్తే గాజు ఒక పక్క వ్యాకోచించి, పక్కనే చల్లగా ఉన్నచోట పగులుతుంది.

ఈ ఆఖరి గుణాన్నే పోర్చుగల్లో కావాలని వాడుకునే పద్ధతి ఒకటుంది. దశాబ్దాల నాటి పోర్ట్ వైన్ సీసాల్లో బిరడా ముట్టుకుంటే పొడైపోతుంది. అందుకని ఎర్రగా కాల్చిన పటకారుతో బిరడా కింద మెడను కాసేపు పట్టుకుని, వెంటనే అక్కడ చల్లని తడిగుడ్డ అద్దుతారు. మెడ గుండ్రంగా తెగి బిరడాతో సహా ఊడొస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు, అందుకోసమే చేసిన పటకారుతో చేసే పని అది. మన పొయ్యి మీద కాల్చిన పట్టకారుతో కాదు.

ఖాళీ అయిన సీసాలో మనీప్లాంట్ పెట్టుకుందామంటే లోపలి ముక్క అడ్డం. పల్చటి ప్లాస్టిక్ సంచిని పొడవుగా చుట్టి, మూతి బయట ఉండేలా సీసాలోకి దించండి. సీసాను తలకిందులు చేసి, ముక్క నిలువుగా మెడ దగ్గరికి, సంచి పక్కకు వచ్చేదాకా ఆడించండి. సంచిలోకి కొంచెం గాలి ఊది, దాన్ని మెల్లగా లాగండి. ఉబ్బిన సంచి ముక్కను చుట్టుకుంటుంది, నున్నటి ప్లాస్టిక్ గోడను రాసుకుంటూ ముక్కతో సహా బయటికొస్తుంది. విరిగిన పొట్టి ముక్కైతే త్వరగా వస్తుంది. పూర్తి బిరడాకు చాలా బలం కావాలి, అప్పుడు కూడా తువ్వాలు చుట్టే పట్టుకోండి. సంచి చిరిగితే ఇంకోటి తీసుకోండి, అంతే తప్ప లోపలికి కొక్కేలూ తీగలూ దించి ముక్కను గాజుకేసి లాగకండి.